అవ్వ చేతికి సెన్సార్: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఉండే మా అవ్వకు 71 ఏళ్ళు. మధుమేహం వచ్చి చాలా కాలమైంది. మొన్నటి ఎండాకాలంలో ఆమె చేతికి మొదటిసారి గ్లూకోజ్ సెన్సార్ పెట్టించాం. రెండు వారాలపాటు రోజంతా రక్తంలో చక్కెర ఎలా ఎక్కి దిగుతుందో అది ఒక గీతగా చూపించింది. తన ఒంటి గురించి తనకు తెలియనిది ఏముంటుందనుకున్న అవ్వ, ఆ గీత చూసి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఈ సంగతి బంధువులకు, వీధిలోవాళ్ళకు తెలిశాక అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇవి ఒక మనిషికి వచ్చిన అంకెలు. ఇంకొకరి మాత్రలను వీటిని బట్టి మార్చకూడదు.

## పెట్టుకోకముందు

పరగడుపున 124, తిన్నాక 162 వచ్చే మనిషికి సెన్సార్ ఎందుకు?

ఆ రెండు అంకెలకూ, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకీ పొత్తు కుదరలేదు కాబట్టి. అవ్వకు హెచ్‌బీఏ1సీ 8 శాతం వచ్చింది. లెక్క ప్రకారం అంటే రక్తంలో గ్లూకోజ్ సగటున 183 దాకా ఉన్నట్లు (ఈ పేజీలో గ్లూకోజ్ అంకెలన్నీ డెసీలీటరు రక్తానికి మిల్లీగ్రాములలో). పరగడుపున 124, టిఫిను తిన్న రెండు గంటలకు 162 ఉన్న మనిషికి సగటు 183 ఎలా వస్తుంది? పరీక్ష చేయని గంటల్లో ఎక్కడో బాగా ఎక్కుతూ ఉండాలి. "ల్యాబువాళ్ళు ఎవరి రక్తమో కలిపేసి ఉంటారు" అని అవ్వ తేల్చేసింది. డాక్టరు గారు మాత్రం రెండు వారాలు సెన్సార్ పెట్టి చూద్దామన్నారు. ఒక్కో సెన్సార్‌కు కొన్ని వేల రూపాయలవుతుంది. అందుకే ఏడాది పొడవునా కాకుండా, ఇలా లెక్క తేలని చోట ఒకసారి పెట్టుకోవడం మా ఇంటికి సరిపోయే పద్ధతి అనిపించింది.

రెండు వారాలు చేతిలో సూది గుచ్చుకొనే ఉంటుందా?

ఉండదు. సూది ఉండేది పెట్టే పరికరంలో. అది చర్మాన్ని దాటి, వెంట్రుకలా సన్నగా వంగే ఒక పోగును అర సెంటీమీటరు లోతున వదిలి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. లోపల మిగిలేది ఆ పోగు మాత్రమే. పైన రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్ద గుండ్రటి బిళ్ళ అంటుకుని ఉంటుంది. దాన్ని పెట్టే చోటు మోచేతికి పైన, చేతి వెనక భాగం. అక్కడ కండ కదలిక తక్కువ, చర్మం కింద కొవ్వు కొంచెం ఉంటుంది. పెట్టేటప్పుడు అవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది. అయిపోయిందని చెప్పాక కూడా "ఇంకా ఎప్పుడు?" అని అడిగింది.

అవ్వకు స్మార్ట్‌ఫోను వాడటం రాదు. మరి ఎవరు చూస్తారు?

మా ఇంట్లో ఆ పని నాది. సెన్సార్ పంపే అంకెలు ఫోనులోని యాప్‌కు వస్తాయి. ఆ ఫోను మనిషికి దగ్గరలో ఉండాలి, వేరే ఊళ్ళో ఉంటే చాలదు. అందుకని పాత ఫోను ఒకటి అవ్వ పక్కన పెట్టి, అందులో వచ్చేది నా ఫోనులోనూ కనిపించేలా పంచుకునే ఏర్పాటు చేశాం. ఫోను అసలే వద్దనుకునేవాళ్ళకు చదివే పరికరం విడిగా దొరికే రకాలు ఉన్నాయి. అంకెలు రోగికి కనిపించకుండా సెన్సార్‌లోనే దాచి, చివర్లో డాక్టరు చదివే రకమూ ఉంది. మా అవ్వకు మాత్రం ఆ గీత తన కళ్ళతో చూడటమే మందులా పనిచేసింది.

## మొదటి రోజు

పెట్టగానే అంకె కనిపించలేదు. చెడిపోయిందా?

లేదు. మేము వాడిన రకం పెట్టిన గంట తర్వాతగాని అంకె చూపదు. ఆ పోగు చుట్టూ ఉన్న కణజాలం కుదురుకోవాలి. మొదటి రోజు అంకెలు తర్వాతి రోజుల కంటే కొంచెం అటూ ఇటూ ఉంటాయి కాబట్టి, ఆ రోజు చూసిన గీతను బట్టి ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

సెన్సార్ 190 అంటోంది, వేలి చుక్క 168 అంటోంది. ఏది నిజం?

రెండూ నిజం కావచ్చు. వేలి చుక్కతో గ్లూకోమీటరు కొలిచేది రక్తాన్ని. సెన్సార్ కొలిచేది చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. చెరువు మట్టం మారిన కాసేపటికి కాలువ మట్టం మారినట్లు, రక్తంలో మార్పు ఆ ద్రవానికి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. చక్కెర నిలకడగా ఉన్నప్పుడు రెండు అంకెలూ దగ్గరగా వస్తాయి. తిన్న వెంటనే, నడుస్తున్నప్పుడు దూరమవుతాయి. పైగా రెండు పరికరాలకూ తమ తమ తేడాలు ఉంటాయి.

మేము పెట్టుకున్న పద్ధతి ఇది: తీరు చూడటానికి సెన్సార్, ఒంట్లో తేడాగా ఉన్నప్పుడు వేలి చుక్క. చెమట, వణుకు, తల తిరగడం లాంటివి ఉండి సెన్సార్ మాత్రం మామూలు అంకె చూపితే వేలిని నమ్మాలి. ఒక చిన్న విషయం, చాలామందికి తెలియదు: విటమిన్ సి మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని రకాల సెన్సార్లు ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తాయి.

మే నెల చెమటకు ఊడిపోదా? స్నానం ఎలా?

స్నానానికి ఇబ్బంది లేదు. తలంటుకూ లేదు. నూనెతోనే తంటా. అవ్వ రోజూ చేతులకు కొబ్బరినూనె రాసుకుంటుంది, నూనె ఉన్న చర్మానికి జిగురు పట్టదు. పెట్టే రోజు సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్‌తో తుడిచి పెట్టాం. నాలుగో రోజుకే చెమటకు అంచు లేస్తే చుట్టూ మెడికల్ టేపు వేశాం, మధ్యలో ఉండే చిన్న రంధ్రం మూయకుండా. రవికె చేయి బిగుతుగా ఉంటే తొడిగేటప్పుడు, తీసేటప్పుడు అంచు పట్టి లాగేస్తుంది. వదులు రవికెలు వేసుకోమన్నందుకు నాకు చీవాట్లు పడ్డాయి.

## గీత చూశాక

రాగి జావలో చక్కెర వేయలేదు కదా, అంత ఎత్తుకు ఎందుకు వెళ్ళింది?

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది అవ్వే. ఏళ్ళ తరబడి ఆమె పొద్దున ఆరింటికి ఒక పెద్ద లోటా రాగి జావ, మజ్జిగ కలిపి, ఉప్పు వేసి తాగుతుంది. అది తన షుగరుకు మందు అని ఆమె నమ్మకం. మూడో రోజు గీత ఇలా ఉంది: ఆరు గంటలకు 131, ఏడుంపావుకు 242, ఎనిమిదిన్నరకు 196. అక్కడి నుంచి మూడు ఇడ్లీలతో మళ్ళీ పైకి. "పంచదార ఒక్క పలుకు వేయలేదు. మిషను తప్పు" అంది. వేలి చుక్క చూస్తే 249.

లోటాలో పడే పిండి నలభై గ్రాముల దాకా ఉంటుంది. అందులో 28 గ్రాములకు పైగా పిండిపదార్థమే, అది ఒంట్లో గ్లూకోజ్‌గానే మారుతుంది. అంత మాత్రానికే ఇంత ఎక్కడానికి మూడు కారణాలు కలిశాయి. మెత్తటి పిండిని నీళ్ళలో బాగా ఉడికిస్తే గంజిలా మారి చాలా తేలికగా అరుగుతుంది, పైగా పలచటి ద్రవం కాబట్టి కడుపులో ఆగకుండా త్వరగా పేగుల్లోకి దిగిపోతుంది. రెండోది, తెల్లవారుజామున ఒంట్లో పెరిగే కార్టిసాల్ లాంటి హార్మోన్ల వల్ల ఇన్సులిన్ ఆ వేళ సరిగా పనిచేయదు. మూడోది మా ఇంటి అలవాటు: అవ్వ షుగరు మాత్రలు వేసుకునేది ఎనిమిదింటికి టిఫినుతో. అంటే జావ వెళ్ళేటప్పటికి మాత్ర లేదు.

ల్యాబులో ఇది ఎన్నడూ ఎందుకు దొరకలేదో కూడా అప్పుడే తెలిసింది. పరీక్ష రోజు పరగడుపున వెళ్ళాలి కాబట్టి ఆ ఒక్క రోజు జావ తాగదు. రక్తం ఇచ్చి, మాత్ర వేసుకుని, 124 దగ్గర నుంచి ఇడ్లీలు తింటుంది. రెండు గంటలకు 162 రావడంలో వింత లేదు. మామూలు రోజున అవే ఇడ్లీలు 196 మీద పడుతున్నాయి.

అయితే సంగటి కూడా మానాలా?

చిత్తూరు వైపు మనిషిని సంగటి మానమంటే మాట వినడు, మానాల్సిన అవసరమూ కనిపించలేదు. మధ్యాహ్నం రెండు ముద్దలు, పులుసుతో తిన్న రోజున అవ్వ గీత 236 దాకా వెళ్ళింది. ఇంకో రోజు ముందు ఆకుకూర పప్పు ఒక గిన్నెడు తిని, తర్వాత అదే పప్పుతో ఒక ముద్ద తింటే 190 దగ్గర ఆగింది. మోతాదు సగమైంది, ముందు వెళ్ళిన పప్పులోని మాంసకృత్తులు, ఆకుకూరలోని పీచు కడుపును నెమ్మదిగా ఖాళీ చేయించాయి. రాగుల్లో పీచు ఉందన్నది నిజమే. కానీ సంగటిలో వరి బియ్యమూ ఉంటుందని, ముద్ద సైజును బట్టి లెక్క మారుతుందని మనం మర్చిపోతాం. రాగి అంటే షుగరు ఎక్కదనే మాటను నేనిక ఎవరి దగ్గరా ఒప్పుకోను.

ఏమీ తినకుండానే తెల్లవారుజామున ఎందుకు పెరుగుతుంది?

నిద్ర లేచే వేళకు ఒంటిని సిద్ధం చేయడానికి హార్మోన్లు పెరుగుతాయి, వాటి మాట విని కాలేయం తాను దాచుకున్న గ్లూకోజ్‌ను వదులుతుంది. అందరిలోనూ జరిగేదే. మధుమేహం లేనివాళ్ళలో ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది. అవ్వకు నాలుగింటికి 118, ఆరింటికి 131. ఇది చిన్న పెరుగుదల, డాక్టరు గారు పట్టించుకోలేదు.

రాత్రి రెండున్నరకు 58 అని అలారం మోగింది. ఆస్పత్రికి పరుగెత్తాలా?

ముందు వేలి చుక్క చూడాలి. మా ఇంట్లో అందరం లేచాం, అవ్వ మాత్రం లేవనంటే లేవనంది. గ్లూకోమీటరులో వచ్చింది 121. ఆమె సెన్సార్ ఉన్న ఎడమ చేతిపైనే ఒత్తిగిలి పడుకుంది. పోగు చుట్టూ చర్మం నొక్కుకుపోతే అక్కడికి రక్తం, ద్రవం చేరడం తగ్గి అంకె ఉత్తపుణ్యానికి పడిపోతుంది. దీన్ని గీతలో గుర్తుపట్టవచ్చు: గోడలా నిటారుగా దిగుతుంది, పక్కకు తిరిగి పడుకున్న కొద్దిసేపట్లో ఏమీ తినకుండానే పాత చోటికి వచ్చేస్తుంది. నిజంగా పడిపోయే చక్కెర సాధారణంగా వాలుగా దిగుతుంది. అయినా గీత ఆకారాన్ని బట్టి ఊహించి ఊరుకోవద్దు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళ విషయంలో. ఆ మర్నాటి నుంచి అవ్వ ఎడమ పక్కన ఒక దిండు అడ్డం పెట్టాం.

శనివారం ఒక్క పొద్దు ఉండే వాళ్ళకు సెన్సార్‌లో ఏం కనిపిస్తుంది?

మా అవ్వకు కనిపించింది చెబుతాను. దీనికోసమే ఈ సెన్సార్ పెట్టినా నష్టం లేదనిపించింది. వేంకటేశ్వరుడి శనివారం ఆమె ఒంటిపూట భోజనం చేస్తుంది, అదీ పూజ అయ్యాక ఒంటిగంటకు. అంతవరకు నీళ్ళు, పాలు లేని కాఫీ. మాత్రలు మాత్రం "డాక్టరు ఆపమనలేదు కదా" అని ఎనిమిదింటికే వేసుకునేది. అందులో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెరను ప్రమాదకరంగా పడేయడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు. తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది.

ఆ శనివారం తొమ్మిదింటికి 122. పదిన్నరకు 94, బాణం గుర్తు కిందికి. పదకొండున్నరకు 68. అవ్వ పూజగదిలో కూర్చుని ఉంది, నుదుటి మీద చెమట. ఉక్కపోత అనుకుంది. వేలి చుక్కలో 63. మూడు చెంచాల పంచదార గ్లాసు నీళ్ళలో కలిపి ఇచ్చాను, అంటే దాదాపు 15 గ్రాములు. తాగనంది. దేవుడి తీర్థమనుకోమంటే తాగింది. పదిహేను నిమిషాలకు వేలి చుక్కలో 88. అప్పటికి సెన్సార్ ఇంకా 66 అనే చూపిస్తోంది. కోలుకునేటప్పుడు అది వెనకబడుతుంది కాబట్టి దాన్ని చూసి కంగారుపడి మళ్ళీ మళ్ళీ చక్కెర పోయకూడదు, ఆ సమయంలో వేలినే చూడాలి. తర్వాత అన్నం పెట్టాం, తేలిక పడింది.

శనివారాలు కళ్ళు తిరగడం, చేతులు వణకడం ఆమెకు కొత్త కాదట. ఉపవాస నీరసం అని ఎవరికీ చెప్పలేదు. ఈ వయసులో అలా పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే కోలుకోవడం కష్టం. డాక్టరు గారు ఉపవాసం మానమని అనలేదు. ఒక్క పొద్దు రోజున గ్లిమెపిరైడ్ ఉదయం వేసుకోకూడదని, ఆ రోజు మాత్రల లెక్క విడిగా రాసి ఇచ్చారు. ఉపవాసాలుండే ప్రతివాళ్ళూ ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి. మన చెవిలో పడే సలహాలన్నీ తిండి గురించే, తినని రోజు గురించి అడిగేవాళ్ళు తక్కువ.

మామిడిపండు, లడ్డు సంగతి ఏమిటి?

బేనీషా కాలంలో సెన్సార్ పెట్టించుకున్నాం కాబట్టి పరీక్ష తప్పలేదు. మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే సగం పండు తిన్న రోజు 261. నాలుగింటికి మురుకుల బదులు అదే సగం పండు తిన్న రోజు 204. అన్నం మీద అదనంగా వేసుకున్నదానికీ, ఇంకోదాని చోటులో తిన్నదానికీ అంత తేడా వచ్చింది. కొండ లడ్డు గోళీ అంత ప్రసాదంగా తీసుకుంటే గీతలో ఆనవాలు కూడా లేదు. జావ దగ్గర ఓడిపోయిన అవ్వ దీన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించింది.

## తీసేశాక

నివేదికలో బోలెడు పేజీలున్నాయి. ఏ అంకె చూడాలి?

మాకు డాక్టరు గారు చూపించినవి రెండే. రోజులో ఎంత శాతం సమయం 70కి 180కి మధ్య ఉందో మొదటిది. ఎంత సమయం 70 కంటే కిందికి వెళ్ళిందో రెండోది. చాలామందికి మొదటిది 70 శాతం దాటాలంటారు. వయసు మళ్ళి, చక్కెర పడిపోతే ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకు 50 శాతం దాటితే సరిపోతుంది, కానీ 70 కిందికి వెళ్ళే సమయం ఒక శాతం లోపే ఉండాలి. అవ్వకు మొదటి వారం 45 శాతం, రెండో వారం 62. చేయి ఒత్తిడి వల్ల వచ్చిన దొంగ అంకెలు కూడా 70 కింది లెక్కలో కలిసిపోతాయి కాబట్టి ఏ రాత్రి అలా జరిగిందో రాసి పెట్టుకుని చెప్పాలి.

రెండో వారంలో ఏం మార్చారు?

ఆరింటి జావ స్థానంలో పలచటి మజ్జిగ, గుప్పెడు నానబెట్టిన వేరుశనగలు వచ్చాయి. సంగటి రోజుల్లో పప్పు ముందు, ముద్ద తర్వాత. రాత్రి భోజనం టీవీ సీరియళ్ళు అయ్యాక తొమ్మిదింటికి ఉండేది, ఏడున్నరకు జరిపాం. తిన్నాక వీధి చివరి దాకా పదిహేను నిమిషాల నడక. నడిచేటప్పుడు కాళ్ళ కండరాలు రక్తంలోంచి గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. అర్ధరాత్రి దాకా 170 పైన సాగే గీత పదిన్నరకే 150కి దిగింది. మాత్రల్లో మారింది ఒక్క పొద్దు రోజుది మాత్రమే. ముద్ద తగ్గించడమంటే మొదట్లో మొహం మాడ్చింది గాని, సీరియల్ మధ్యలో లేవాల్సి రావడమే ఆమెకు అన్నిటికంటే కష్టమైంది.

ఇక హెచ్‌బీఏ1సీ పరీక్ష అవసరం లేదా?

ఉంది. సెన్సార్ చూపింది రెండు వారాలు, హెచ్‌బీఏ1సీ చెప్పేది రెండు మూడు నెలల సంగతి. అయితే రక్తహీనత ఉన్నవాళ్ళలో హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. అలాంటివాళ్ళకు సెన్సార్ సగటు ఎక్కువ పనికొస్తుంది.

ఎలా తీయాలి? ఎక్కడ పారేయాలి?

కొబ్బరినూనె అంచుల చుట్టూ రాసి పది నిమిషాలు ఆగితే జిగురు వదులుతుంది. ఒక అంచు పట్టి నెమ్మదిగా లాగాలి. చిన్న ఎర్రటి మచ్చ ఒకటి రెండు రోజుల్లో పోతుంది. చీము, వాపు ఉంటే చూపించుకోవాలి. లోపల బ్యాటరీ ఉంటుంది కాబట్టి వంటింటి చెత్తలో వేయవద్దు. సూది ఉన్న పెట్టే పరికరాన్ని గట్టి డబ్బాలో మూసి ఆస్పత్రిలో ఇవ్వడం మేలు. మధ్యలో ఎంఆర్‌ఐ స్కాన్ ఉంటే సెన్సార్‌ను ముందే తీసేయాలి, తీసినదాన్ని మళ్ళీ అంటించలేం.

అవ్వ మళ్ళీ పెట్టుకుంటుందా?

సంక్రాంతికి పెట్టమని ఆమే అడిగింది. అరిసెల మీద ఆమెకూ మా పెద్దత్తకూ ఒక పందెం నడుస్తోంది.